Fe²⁺ గడుల చిత్రం: ముందు నిండే 4s ముందే ఎందుకు ఖాళీ అవుతుంది?

ప్రశ్న: "నేను ఇంటర్ ఫస్టియర్ సార్. పరీక్షలో Fe²⁺ కి గడుల చిత్రం వేయమంటే 3d నుంచి రెండు బాణాలు తీసేశాను, మార్కులు పోయాయి. 4s ముందు నిండుతుంది, 3d తర్వాత నిండుతుంది కదా, మరి చివర చేరినవే ముందు పోవాలి కదా? పైగా Cr, Cu దగ్గర రూలే మారిపోతుంది. క్రిప్టాన్ వరకు తప్పు లేకుండా ఎలా వేయాలో చెప్పండి."

Fe²⁺ విన్యాసం [Ar] 3d⁶. ఐరన్ నుంచి పోయే మొదటి రెండు ఎలక్ట్రాన్లూ 4s వే. స్కాండియం నుంచి జింక్ వరకు ఏ మూలకం అయాన్ వేసినా ముందు 4s గడిని పూర్తిగా ఖాళీ చేసి, ఇంకా తీయాల్సి ఉంటేనే 3d జోలికి వెళ్లాలి. ఇక మామూలు వరుసకు లొంగని పరమాణువులు క్రిప్టాన్ వరకు ఉన్న 36 మూలకాల్లో రెండే రెండు: క్రోమియం, కాపర్. ఈ రెంటినీ గుర్తుపెట్టుకుంటే మిగతా 34 ఒకే పద్ధతిలో వచ్చేస్తాయి.

"చివర చేరినవే ముందు పోవాలి" అన్న మీ తర్కం దగ్గరే అసలు చిక్కు ఉంది. దాని సంగతి చూసే ముందు ఐరన్‌కి చిత్రం ఒకసారి మొదటి నుంచీ వేద్దాం. అయాన్ తప్పుల్లో సగం, పరమాణువు చిత్రాన్ని హడావుడిగా వేయడం వల్లే వస్తాయి.

ఐరన్ పరమాణు సంఖ్య 26, కాబట్టి మన చేతిలో ఉన్నవి 26 బాణాలు. బాణాలు గీసే ముందే గడులన్నీ ఖాళీగా గీసుకోండి. s కి ఒక గడి, p కి మూడు, d కి ఐదు. నిండే వరుస 1s, 2s, 2p, 3s, 3p, 4s, 3d, 4p. ఈ వరుసను బట్టీ పట్టక్కర్లేదు, n, l కలిపి చూస్తే చాలు. 4s కి 4+0 = 4, 3d కి 3+2 = 5, అందుకే 4s ముందు. 3d కీ 4p కీ మొత్తం 5 సమానంగా వస్తుంది, అలాంటప్పుడు n చిన్నగా ఉన్న 3d ముందు.

ఇప్పుడు నింపుకుంటూ వెళ్లండి. 3p నిండేసరికి 18 అయిపోతాయి, అది ఆర్గాన్. 4s లో రెండు వేస్తే 20. మిగిలిన ఆరూ 3d కి. ఆ ఆరింటినీ ఎలా వేయాలన్నది హుండ్ నియమం చెబుతుంది: ముందు ఐదు గడుల్లోనూ ఒక్కొక్కటి, అన్నీ ఒకే దిశలో. ఆరోది మాత్రం ఏదో ఒక గడిలో జంటగా, తలకిందులుగా.

```
Fe (26)

1s [↑↓]
2s [↑↓]   2p [↑↓][↑↓][↑↓]
3s [↑↓]   3p [↑↓][↑↓][↑↓]
3d [↑↓][↑ ][↑ ][↑ ][↑ ]
4s [↑↓]
```

నింపేటప్పుడు 4s ముందు వచ్చినా, నింపడం అయ్యాక చిత్రంలో 3d ని పైన, 4s ని దాని తర్వాత రాశాను చూడండి. రాసేటప్పుడు కూడా [Ar] 3d⁶ 4s² అనే రాయండి. [Ar] 4s² 3d⁶ అని రాసినా తప్పు కాదు. కానీ n క్రమంలో రాసే అలవాటు ఉంటే బయటి కర్పరం ఏదో వరుస చివర్లోనే కనిపిస్తుంది. అయాన్ అడిగినప్పుడు చెయ్యి దానంతట అదే 4s దగ్గరికి వెళ్తుంది. మా క్లాసులో నేను మొదటి రోజు నుంచే ఇలా రాయిస్తాను.

జంట పడ్డ ఆ ఆరో బాణం మొదటి గడిలోనే ఉండాలా అని చాలామంది అడుగుతారు. అక్కర్లేదు. ఐదు d ఆర్బిటాళ్ల శక్తి సమానం, ఏ గడిలో వేసినా అదే పరమాణువు. ఒంటరి బాణాలన్నీ కిందికి చూపించినా తప్పు లేదు, అన్నీ ఒకే దిశలో ఉండటమే ముఖ్యం. ఎడమ నుంచి మొదలుపెట్టి పైకి గీయడం కేవలం ఆనవాయితీ. దిద్దేవారికి సులువుగా ఉంటుంది కాబట్టి పరీక్షలో అలాగే గీయండి.

హుండ్ నియమం గురించి ఇక్కడే ఇంకో మాట. పౌలీ నియమం తప్పడం వేరు, హుండ్ నియమం తప్పడం వేరు. ఒకే గడిలో [↑↑] అని గీస్తే అలాంటి పరమాణువు ఉండనే ఉండదు, ఎందుకంటే రెండు ఎలక్ట్రాన్లకు నాలుగు క్వాంటం సంఖ్యలూ ఒకటే అయిపోతాయి. అదే కార్బన్‌లో 2p ఎలక్ట్రాన్లను విడివిడిగా కాకుండా [↑↓][ ][ ] అని గీస్తే, అది ఉండగల స్థితే. కాకపోతే భూస్థితి కాదు, ఉత్తేజిత స్థితి. భూస్థితి కంటే సుమారు 1.26 eV ఎక్కువ శక్తి కావాలి. "కింది వాటిలో అసాధ్యమైనది ఏది, ఉత్తేజిత స్థితి ఏది" అనే బిట్లు ఈ తేడా మీదే వస్తాయి. తేడా తెలియని పిల్లలు రెండింటినీ కలిపి "తప్పు" అనేస్తారు.

ఒంటరిగా, ఒకే దిశలో ఉంటే శక్తి ఎందుకు తగ్గుతుంది? ఒకే స్పిన్ ఉన్న ఎలక్ట్రాన్లు ఒకదానికొకటి దగ్గరికి రాకుండా సహజంగానే ఎడంగా ఉంటాయి. అందువల్ల ఒకదాని మీద ఒకటి తక్కువ అడ్డుపడతాయి, కేంద్రకం వాటిని బాగా పట్టుకుంటుంది. జంట పడితే ఈ లాభం పోతుంది. దీనికి రుజువు నైట్రోజన్, ఆక్సిజన్‌ల దగ్గర దొరుకుతుంది. మామూలుగా పీరియడ్‌లో కుడికి పోయేకొద్దీ అయనీకరణ శక్తి పెరగాలి. కానీ నైట్రోజన్‌ది 1402 kJ/mol, ఆక్సిజన్‌ది 1314 మాత్రమే. గడులు గీస్తే కారణం కంటికి కనబడుతుంది:

```
N  2p [↑ ][↑ ][↑ ]
O  2p [↑↓][↑ ][↑ ]
```

ఆక్సిజన్‌లో నాలుగో ఎలక్ట్రాన్ జంటగా దూరింది, అందుకే దాన్ని బయటికి లాగడం తేలిక.

ఇక మీ Fe²⁺ దగ్గరికి వద్దాం. మీరు వేసింది 3d⁴ 4s², సరైనది 3d⁶.

```
మీరు వేసినది   3d [↑ ][↑ ][↑ ][↑ ][  ]   4s [↑↓]
సరైనది        3d [↑↓][↑ ][↑ ][↑ ][↑ ]   4s [  ]
```

రెండింటిలోనూ ఒంటరి ఎలక్ట్రాన్లు లెక్కపెట్టండి. ఇందులోనూ నాలుగే, అందులోనూ నాలుగే. అంటే చిత్రం తప్పు వేసినా "Fe²⁺ లో ఒంటరి ఎలక్ట్రాన్లు ఎన్ని?" అన్న బిట్‌కి జవాబు కరెక్టుగా వచ్చేస్తుంది. అయస్కాంత భ్రామకం కూడా, ఇక్కడ n అంటే ఒంటరి ఎలక్ట్రాన్ల సంఖ్య, √(n(n+2)) సూత్రంతో 4.90 BM అనే వస్తుంది. పద్ధతి తప్పని తెలియకుండానే ఏడాదంతా గడిచిపోయేది ఇక్కడే. జవాబు కీతో సరిపోయింది కదా అని చిత్రం మళ్లీ చూసుకోరు. అందుకే నేను ఈ పాఠంలో అభ్యాసానికి Fe²⁺ ని ఎప్పుడూ ఇవ్వను, Fe³⁺ ఇస్తాను.

Fe³⁺ కి మీ పద్ధతిలో 3d నుంచి మూడు తీస్తే 3d³ 4s² వస్తుంది, ఒంటరివి మూడు, భ్రామకం 3.87. సరైన పద్ధతిలో 4s నుంచి రెండు, 3d నుంచి ఒకటి తీయాలి. ఆ ఒకటి కూడా జంటలోనిదే, మిగిలేది 3d⁵. ఒంటరివి ఐదు, భ్రామకం 5.92. ల్యాబులో వాడే ఫెర్రిక్ అమ్మోనియం ఆలం లాంటి లవణాల్లో కొలిచి చూస్తే 5.9 దగ్గరే వస్తుంది, 3.87 రాదు. కొలతే తీర్పు చెప్పేసింది.

ఇంకా సులువైన పరీక్ష కావాలంటే Zn²⁺ చూడండి. జింక్ [Ar] 3d¹⁰ 4s². 3d నుంచి రెండు తీస్తే 3d⁸ 4s² అయి రెండు ఒంటరి ఎలక్ట్రాన్లు రావాలి, అంటే జింక్ లవణం అయస్కాంతం వైపు ఆకర్షణ చూపించాలి. కానీ జింక్ సల్ఫేట్ అలా ఉండదు, పైగా దానికి రంగు కూడా లేదు. 4s నుంచి తీస్తే 3d¹⁰ అలాగే నిండుగా మిగులుతుంది, ఒంటరివి సున్నా. ఏ అయాన్ దగ్గరైనా సందేహం వస్తే మనసులో ఒకసారి Zn²⁺ వేసి చూసుకోండి, ఎక్కడి నుంచి తీయాలో వెంటనే గుర్తొస్తుంది.

మరి అసలు ప్రశ్న, 4s ముందు నిండి ముందే ఎందుకు ఖాళీ అవుతుంది? చాలా నోట్సుల్లో "4s బయట ఉంటుంది కాబట్టి" అని ఒక లైనులో వదిలేస్తారు. అది నిజమే. కానీ అలాంటప్పుడు ముందు నిండటం ఎందుకు అన్న మీ సందేహం అలాగే మిగిలిపోతుంది.

మనం నేర్చుకునే నిండే వరుస ఒకే పరమాణువు కథ కాదు. పొటాషియం నుంచి కాల్షియంకి, కాల్షియం నుంచి స్కాండియంకి వెళ్లినప్పుడు ఒక ఎలక్ట్రాన్ మాత్రమే పెరగదు, కేంద్రకంలో ఒక ప్రోటాన్ కూడా పెరుగుతుంది. అంటే ప్రతి మెట్టు దగ్గరా ఆర్బిటాళ్ల శక్తులు కొద్దిగా మారుతుంటాయి. Fe నుంచి Fe²⁺ కి వెళ్లేటప్పుడు మాత్రం ప్రోటాన్లు 26 అలాగే ఉంటాయి, ఎలక్ట్రాన్లే తగ్గుతాయి. మొదటి దారిలో వెళ్లిన వరుసలోనే రెండో దారిలో వెనక్కి రావాలన్న నియమం ఎక్కడా లేదు. మీ తర్కం తప్పిందల్లా ఈ రెండు దారుల్నీ ఒకటనుకోవడం వల్లే.

దీన్ని కళ్లకు కట్టే ఉదాహరణ ఒకటుంది. K, Ca⁺, Sc²⁺ మూడింటిలోనూ ఎలక్ట్రాన్లు 19. ఆర్గాన్ కోర్ పోగా తలా ఒక్కటే మిగులుతుంది. ఆ ఒక్కటి ఎక్కడుందో చూడండి:

```
K      [Ar] 4s1
Ca+    [Ar] 4s1
Sc2+   [Ar] 3d1
```

పొటాషియంలో, Ca⁺ లో 4s శక్తి తక్కువ. Sc²⁺ కి వచ్చేసరికి తారుమారైంది. 3d ఆర్బిటాల్ 4s కంటే లోపల, చిన్న చోటులో ఉంటుంది. కేంద్రకం ఆవేశం పెరిగేకొద్దీ దాని శక్తి 4s కంటే వేగంగా పడిపోతుంది. స్కాండియం నుంచి మొదలుకొని 3d నే కిందిది. అందుకే Sc³⁺ కి ఒక్కొక్క ఎలక్ట్రాన్ చేర్చుకుంటూ వస్తే మొదటిది 3d లోకి పోతుంది, రెండోది, మూడోది 4s లోకి వస్తాయి: Sc²⁺ 3d¹, Sc⁺ 3d¹ 4s¹, Sc 3d¹ 4s².

3d కిందిదైతే మూడూ అక్కడికే పోవచ్చు కదా? ఆ చిన్న చోటులో ఎలక్ట్రాన్లు పెరిగేకొద్దీ వాటి మధ్య వికర్షణ బాగా పెరుగుతుంది. విశాలంగా ఉన్న 4s లో రెండింటిని పెడితే ఆ వికర్షణ తప్పుతుంది, మొత్తం శక్తి తక్కువగా ఉంటుంది. తటస్థ పరమాణువులో 4s నిండుగా కనిపించేది ఇందుకు. అలా బయట సర్దుకున్న రెండూ బలహీనంగా పట్టి ఉంటాయి కాబట్టి, తీసేటప్పుడు మొదట కదిలేవీ అవే. విడిగా ఒక ఆర్బిటాల్ శక్తి ఎంత అన్నది కాదు, పరమాణువు మొత్తం శక్తి ఎంత అన్నదే విన్యాసాన్ని నిర్ణయిస్తుంది. n+l నియమం తటస్థ పరమాణువులకు ఆ ఫలితాన్ని త్వరగా గుర్తు చేసే పనిముట్టు. అయాన్ల దగ్గర దాన్ని వాడకూడదు.

క్రోమియం, కాపర్ కూడా ఈ మొత్తం శక్తి లెక్కలోనే వస్తాయి. వాటికి వేరే రూలేమీ లేదు.

```
Cr (24)  3d [↑ ][↑ ][↑ ][↑ ][↑ ]        4s [↑ ]
Cu (29)  3d [↑↓][↑↓][↑↓][↑↓][↑↓]        4s [↑ ]
```

క్రోమియంకి మామూలు వరుస ప్రకారం 3d⁴ 4s² రావాలి. 4s లోని ఒక ఎలక్ట్రాన్ 3d లోకి వస్తే రెండు లాభాలు. 4s లో జంట పడిన ఇబ్బంది పోతుంది, 3d లో ఒకే దిశలో ఉన్న బాణాలు ఐదవుతాయి. ఒకే దిశలో ఉన్న ఎలక్ట్రాన్లను రెండేసి చొప్పున జత కట్టి లెక్కిస్తే, నాలుగింటికి 6 జతలు, ఐదింటికి 10 జతలు. ప్రతి జతా వినిమయ శక్తి రూపంలో కొంత స్థిరత్వం ఇస్తుంది. 4s, 3d శక్తులు దగ్గరదగ్గరగా ఉన్నందువల్ల ఈ లాభం నెగ్గుతుంది. కాపర్‌కి వచ్చేసరికి 3d ఇంకా కిందికి దిగి ఉంటుంది, అది పూర్తిగా నిండటమే లాభం.

"సగం నిండితే స్థిరం" అని మాత్రమే గుర్తుపెట్టుకున్నవాళ్లు దాన్ని అన్నిచోట్లా వాడేస్తారు. పేపర్లు దిద్దేటప్పుడు నాకు ఎక్కువగా కనిపించేవి, కార్బన్‌కి 2s¹ 2p³, నికెల్‌కి 3d¹⁰ 4s⁰. కార్బన్‌లో 2s కీ 2p కీ మధ్య ఎడం చాలా ఎక్కువ, వినిమయ లాభం ఆ ఖర్చుకు సరిపోదు. భూస్థితి 2s² 2p² నే. నికెల్ 3d⁸ 4s². వెనేడియం 3d³ 4s² దగ్గరే ఆగుతుంది. క్రోమియం గ్రూపులోనే కింద ఉన్న టంగ్‌స్టన్ కూడా 5d⁴ 6s² గా ఉంటుంది, అక్కడ "సగం నిండటం" పని చేయలేదు. కాబట్టి ఇది ఎక్కడికక్కడ తేలే లెక్క అనుకోండి, క్రిప్టాన్ వరకు Cr, Cu రెండూ గుర్తుపెట్టుకోండి.

ఈ రెంటి అయాన్లు వేసేటప్పుడు అసలు పరమాణువు చిత్రం నుంచే మొదలుపెట్టాలి. Cr³⁺ కి 4s లోని ఒక్కటి, 3d లోని రెండు తీస్తే 3d³. Cu⁺ కి 3d¹⁰, Cu²⁺ కి 3d⁹. మైలతుత్తంలో ఉన్న Cu²⁺ లో ఒక ఒంటరి ఎలక్ట్రాన్ ఉంది, అది నీలంగా కనిపిస్తుంది. 3d నిండిన Cu⁺ ఉన్న CuCl తెల్లగా ఉంటుంది.

గాలియం నుంచి క్రిప్టాన్ వరకు పెద్దగా చెప్పేదేం లేదు, ఒక్క జాగ్రత్త తప్ప. ఆర్గాన్ కోర్ రాసి నేరుగా 4s, 4p కి దూకేసి 3d¹⁰ ని మర్చిపోతారు. ఆర్సెనిక్‌కి [Ar] 4s² 4p³ అని రాస్తే 23 ఎలక్ట్రాన్లే అవుతాయి, అది వెనేడియం సంఖ్య. కావాల్సింది 33. అందుకే చిత్రం అయ్యాక బాణాలు మొత్తం ఒకసారి లెక్కపెట్టండి, ఈ తప్పు ఇట్టే దొరుకుతుంది. క్రిప్టాన్ వరకు ఉన్న గడులు 18. క్రిప్టాన్‌లో అన్నీ జంటలతో నిండి సరిగ్గా 36 అవుతాయి. గాలియం అయాన్‌లో కూడా తీసే వరుస బయటి కర్పరం నుంచే: Ga³⁺ కి 4p లోని ఒకటి, 4s లోని రెండు పోయి 3d¹⁰ మిగులుతుంది.

చివరగా ఒక పరిమితి. ఇప్పటిదాకా వేసినవన్నీ ఒంటరిగా ఉన్న అయాన్ల చిత్రాలు. అన్నభేదిలో Fe²⁺ చుట్టూ నీటి అణువులున్నా నాలుగు ఒంటరి ఎలక్ట్రాన్లు అలాగే ఉంటాయి, మన చిత్రం సరిపోతుంది. కానీ K₄[Fe(CN)₆] లో ఉన్నదీ Fe²⁺ నే, అందులో ఒంటరి ఎలక్ట్రాన్లు సున్నా. చుట్టూ ఉన్న CN⁻ ల వల్ల ఐదు d ఆర్బిటాళ్ల శక్తి సమానంగా ఉండదు, కింద మూడు, పైన రెండుగా చీలిపోతాయి. ఆ ఎడం పెద్దదిగా ఉండటంతో ఆరు ఎలక్ట్రాన్లూ కింది మూడు గడుల్లోనే జంట పడతాయి. అక్కడా 4s ఖాళీయే, 3d⁶ నే, మారింది బాణాలు సర్దుకున్న తీరు మాత్రమే. సంక్లిష్ట సమ్మేళనాల పాఠానికి వచ్చినప్పుడు ఐదు గడుల్ని ఒకే వరుసలో కాకుండా రెండు అంతస్తుల్లో గీయడం మొదలుపెడతారు.